మాంసం మానేశాం, క్రియాటినిన్ తగ్గింది, కానీ బ్రౌనీ చిక్కిపోతోంది

ప్రశ్న: మా కుక్క బ్రౌనీకి పదమూడేళ్లు. ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రెండు నెలల క్రితం కిడ్నీ జబ్బని తేలింది. అప్పుడు క్రియాటినిన్ 3.3, ఫాస్ఫరస్ 6.1, బరువు 17.5 కిలోలు. డాక్టరు గారు కిడ్నీ జబ్బున్న కుక్కల కోసం తయారుచేసే రెనల్ ఫుడ్ రాసిచ్చారు. రెండు రోజులు తిని, మూడో రోజు వాసన చూసి తల తిప్పేసుకుంది. ప్రోటీన్ కిడ్నీలకు చెడ్డదని విని మాంసం, గుడ్డు పూర్తిగా ఆపేశాం. రోజుకు 400 గ్రాముల అన్నం పెడుతున్నాం. మేం వండుకునే అర కిలో చికెన్ ఉడికిన నీళ్లు పోస్తే ఆ అన్నంలో మూడింట రెండొంతులు తింటుంది. మా అత్తయ్య రోజూ ఒక కప్పు పాలు పోస్తారు. రోజుకు దాదాపు రెండు లీటర్ల నీళ్లు తాగి, రాత్రి ఇంట్లోనే పోసేస్తోంది. అందుకని తొమ్మిదింటికి నీళ్ల గిన్నె తీసేస్తున్నాం. పొద్దున్నే వాంతి చేసుకుంటోంది. మొన్న మళ్లీ టెస్టు చేయిస్తే క్రియాటినిన్ 3.0, ఫాస్ఫరస్ 6.2, బరువు 16 కిలోలు. క్రియాటినిన్ తగ్గింది కాబట్టి ఇదే కొనసాగిద్దాం అంటారు మా వారు. నాకేమో నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ విషయంలో రిపోర్టు కంటే మీ చెయ్యే నిజం చెబుతోందండీ. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, అది పుట్టేదే కండలో. కండ తరిగితే రక్తంలోకి చేరే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది, కిడ్నీల పని ఏమీ మెరుగుపడకపోయినా సరే. రెండు నెలల్లో ఒకటిన్నర కిలో పోయిందంటే ఒంట్లో పన్నెండో వంతు పోయినట్టే. అందులో చాలా భాగం కండే అయివుంటుంది. 3.3 నుంచి 3.0కి దిగడాన్ని అందుకే మంచి వార్తగా తీసుకోలేం. ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు, కిడ్నీల పనితీరునే చూపే ఎస్‌డీఎంఏ పరీక్ష కూడా చేయించండి. దాని మీద కండ ప్రభావం చాలా తక్కువ. అది పెరుగుతూ క్రియాటినిన్ మాత్రం తగ్గుతుంటే, కారణం కండ తరగడమేనని తేలిపోతుంది.

అయితే మీ వారి మాటను కొట్టిపారేయాల్సిన పని లేదు. కిడ్నీ జబ్బంటే ప్రోటీన్ ఆపేయాలన్నది ఎప్పటి నుంచో పాతుకుపోయిన నమ్మకం. దాని వెనక ఒక నిజం ఉంది. ప్రోటీన్ ఖర్చయినప్పుడు యూరియా తయారవుతుంది, దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి పంపలేనప్పుడు రక్తంలో యూరియా పేరుకుని వికారం, వాంతులు, నోట్లో పుండ్లు వస్తాయి. కాబట్టి ప్రోటీన్‌ను అదుపులో పెట్టడం అవసరమే. కానీ తినే ప్రోటీన్ అవసరానికన్నా తక్కువైనా, మొత్తం కేలరీలు చాలకపోయినా ఒళ్లు తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. ఆ కండా ప్రోటీనే, దాన్నుంచీ యూరియానే వస్తుంది. గిన్నెలోంచి తీసేసిన మాంసం బదులు తన ఒంట్లోని మాంసాన్నే బ్రౌనీ తింటోందన్నమాట.

నా దృష్టిలో వరుస ఇది: ముందు కడుపు నిండా తినడం, తర్వాత ఫాస్ఫరస్ తగ్గించడం, ఆ తర్వాతే ప్రోటీన్‌ను తగిన మోతాదుకు తేవడం. నీళ్లు మాత్రం ఈ వరుసలోనే లేవు, అవి ఎప్పుడూ ఉండి తీరాలి.

ముందు తిండి లెక్క చూద్దాం, దీనికి మామూలు క్యాలిక్యులేటర్ చాలు. బరువును మూడుసార్లు గుణించి, వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించాలి. 16 × 16 × 16 అంటే 4096. దాని వర్గమూలం 64, మళ్లీ నొక్కితే 8. ఎనిమిది డెబ్బైలు 560. ఏ పనీ చేయకుండా పడుకున్నా బ్రౌనీకి రోజుకు కావలసిన కేలరీలు ఇవి. ఇంట్లో అటూ ఇటూ తిరిగే ముసలి కుక్కకు దీనికి 1.4 రెట్లు, అంటే 780 దగ్గర్లో పెట్టి చూస్తాం. ఇది మొదటి అంచనా మాత్రమే. రెండు వారాల తర్వాత కూడా బరువు తగ్గుతూనే ఉంటే పదో వంతు పెంచాలి.

ఇప్పుడు దాని కడుపులోకి వెళుతున్నది ఎంత? వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో 130 కేలరీలు ఉంటాయి. అది తినేది 265 గ్రాములు అనుకుంటే దాదాపు 345. కప్పు పాలు 120 పైచిలుకు. రెండూ కలిపినా 470 చిల్లర. పడుకుని ఉండటానికి కావలసిన 560 కూడా అందడం లేదు. ప్రోటీన్ అన్నంలో 7 గ్రాములు, పాలలో 6 చిల్లర, మొత్తం 14 గ్రాములకు మించదు. ఈ బరువున్న ఆరోగ్యవంతమైన కుక్కకే కనీసం 26 గ్రాములు కావాలి. మంచి రెనల్ ఫుడ్ ఏదైనా బ్రౌనీకి రోజుకు 27 నుంచి 35 గ్రాముల ప్రోటీన్ అందించేలా ఉంటుంది. అంటే రెనల్ ఫుడ్‌లో ప్రోటీన్ తక్కువే కానీ, మీరు ఇప్పుడు పెడుతున్నదానికి రెట్టింపు ఉంటుంది.

ఇక ఫాస్ఫరస్. క్రియాటినిన్ 2.9 నుంచి 5.0 మధ్య ఉంటే ఐరిస్ అనే అంతర్జాతీయ వర్గీకరణలో మూడో దశ. ఈ దశలో రక్తంలో ఫాస్ఫరస్ 5.0 కంటే తక్కువ ఉంచాలన్నది లక్ష్యం. బ్రౌనీకి మాంసం ముక్క కూడా పెట్టకుండానే 6.2 ఉంది. ఫాస్ఫరస్‌ను బయటికి పంపే దారి కిడ్నీలే కాబట్టి అవి సన్నగిల్లిన కొద్దీ అది పేరుకుంటుంది. అప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది, ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువైతే మెత్తటి కణజాలాల్లో గట్టిపడి పేరుకుంటాయి, కిడ్నీల్లో కూడా. మిగిలిన కిడ్నీని తొందరగా తినేసేది ఈ చక్రమే. ప్రయోగశాలలో కిడ్నీ పని తగ్గించిన కుక్కల మీద 1990ల్లో చేసిన అధ్యయనాల్లో ఫాస్ఫరస్ తగ్గించినవి ఎక్కువ కాలం బతికాయి. ప్రోటీన్ ఒక్కటే తగ్గిస్తే అలాంటి లాభం కనిపించలేదు. నేను ఫాస్ఫరస్‌ను ముందు పెట్టడానికి కారణం అదే.

మీ ఇంట్లో అది ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కప్పు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, దాదాపు 180 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. అది తినే అన్నం మొత్తంలో 115. ఇంకోటి చికెన్ నీళ్లు. మాంసం ఉడికేటప్పుడు ఫాస్ఫరస్, పొటాషియం నీళ్లలోకి దిగుతాయి. అర కిలో పచ్చి మాంసంలో దాదాపు వెయ్యి మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. అందులో మూడో వంతు దిగినా 300 పైనే. దీని వల్ల ముక్కలోని ప్రోటీన్ మీకు దక్కింది, నీళ్లలోని ఫాస్ఫరస్ బ్రౌనీకి దక్కింది. మీరు చేయాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు: ముక్క దానికి పెట్టి, నీళ్లు పారబోయాలి. పైగా ఇంట్లోవాళ్ల కోసం ఉడికించేటప్పుడు ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు పడతాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిడ్నీ జబ్బు వల్ల అసలే రక్తం తక్కువగా ఉండే కుక్కకు అవి ఒక్క చెంచా కూడా వద్దు.

ఆ వాసన లేకపోతే తినదంటారు కదా, దానికో ఉపాయం ఉంది. ఉప్పు, ఉల్లి ఏమీ వేయకుండా తోలుతో ఉన్న చికెన్ ముక్కలు కాసిని ఉడికించి, ఆ నీళ్లను ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి పైన కొవ్వు పేరుకుని ఉంటుంది. ఆ పొర మాత్రం చెంచాతో తీసుకుని, కింది నీళ్లు పారబోయండి. చికెన్ వాసన చాలావరకు కొవ్వులోనే ఉంటుంది, ఫాస్ఫరస్ నీళ్లలో ఉండిపోతుంది. ఒక టీ చెంచాడు ఆ కొవ్వును గోరువెచ్చటి తిండిలో కలపండి. వాసనా వస్తుంది, నలభై కేలరీలు అదనంగా కూడా చేరతాయి.

రెనల్ ఫుడ్‌కు అలవాటు పడేదాకా రెండు మూడు వారాలు ఏం పెట్టాలో బ్రౌనీ బరువుకు లెక్కగట్టి చెబుతాను. వండిన తెల్లన్నం 350 గ్రాములు. ఎముక, తోలు లేని చికెన్‌ను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు వంపేశాక తూచిన ముక్కలు 60 గ్రాములు. ఉడికించిన రెండు గుడ్ల తెల్లసొన. వాసన లేని వంటనూనె, పైన చెప్పిన కొవ్వు రెండూ కలిపి 20 గ్రాములు. మొత్తం దాదాపు 780 కేలరీలు, 31 గ్రాముల ప్రోటీన్, 280 మిల్లీగ్రాముల చుట్టూ ఫాస్ఫరస్. ఇప్పుడు పెడుతున్నదానికంటే ప్రోటీన్ రెట్టింపు, ఫాస్ఫరస్ సగం. రోజు మొత్తానికి ఇంత, మూడు నాలుగు పూటలుగా పెట్టండి.

ఇందులో తెల్లసొన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక గుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల మేలైన ప్రోటీన్ ఉంటే, ఫాస్ఫరస్ 5 మిల్లీగ్రాములే. పచ్చసొనలో 65 దాకా ఉంటుంది. అదే మూడున్నర గ్రాముల ప్రోటీన్ పాల నుంచి రావాలంటే 90 మిల్లీగ్రాములకు పైగా ఫాస్ఫరస్ వెంట వస్తుంది. అత్తయ్యగారికి ఈ తేడా చెప్పి, పాల కప్పు బదులు తెల్లసొన ముక్కలు ఆవిడ చేతికే ఇవ్వండి. బ్రౌనీకి తినిపించడం ఆవిడకు ముచ్చట, దాన్ని తీసేయడం ఎందుకు? కానీ అవి పైన చెప్పిన రెండు తెల్లసొనల్లోంచే పోవాలి. జున్ను, చీజ్, కాలేయం, ఎముకలు, ఎముకల పొడి మాత్రం ఎవరి చేతి నుంచీ వద్దు.

నూనెను మొదటి రోజే 20 గ్రాములు పోయకండి. టీ చెంచాతో మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచండి. లేకపోతే విరేచనాలవుతాయి. బ్రౌనీకి గతంలో పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు వచ్చి ఉంటే నూనె పెంచే ముందు డాక్టరును అడగండి.

ఈ గిన్నెతోనే నెలల తరబడి నెట్టుకురాకూడదు. ఇందులో కాల్షియం దాదాపు లేదు. ఫాస్ఫరస్ వల్ల పారాథైరాయిడ్ గ్రంథి అసలే రెచ్చిపోయి ఉన్నప్పుడు కాల్షియం లోటు దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. జింక్, రాగి, విటమిన్లు కూడా చాలవు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో కిడ్నీ జబ్బు ఉన్న కుక్కలు, పిల్లుల కోసం దొరికే 67 ఇంటి వంటకాలను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వచ్చింది. వాటిలో ఒక్కటి కూడా అన్ని పోషకాలనూ సరిపడా ఇవ్వలేదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశు పోషకాహార నిపుణుల చేత బ్రౌనీ రిపోర్టులు చూపించి కొలతలు రాయించుకోవాలి. వాళ్లు చెప్పిన పొడులు గ్రాముల్లో తూచి రోజూ వేయాలి. అంత ఓపిక ఉంటే అది మంచి దారే. చెంచా కొలతలతో, ఇవాళ ఇది లేదు కాబట్టి అది వేద్దాం అనుకుంటే మాత్రం ఆ కొలతలకు అర్థం ఉండదు.

అందుకే రెనల్ ఫుడ్‌ను అంత తేలిగ్గా వదులుకోవద్దంటాను. సహజంగా కిడ్నీ జబ్బు వచ్చిన 38 కుక్కల మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. మామూలు ఫుడ్ తిన్నవాటికంటే రెనల్ ఫుడ్ తిన్నవి విషమ స్థితికి ఆలస్యంగా చేరాయి, ఎక్కువ కాలం బతికాయి. బ్రౌనీ మూడో రోజు తల తిప్పుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాకపోవచ్చు. అప్పుడే జబ్బు బయటపడింది, కడుపులో తిప్పుతూ ఉండి ఉంటుంది. వికారంగా ఉన్నప్పుడు తిన్న కొత్త తిండిని కుక్క ఆ వికారంతో ముడిపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఒళ్లు కుదుటపడినా ఆ వాసన తగిలితే చాలు, ముఖం తిప్పేస్తుంది.

కాబట్టి ముందు వికారం తగ్గాలి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, వాసన చూసి, మూతి నాక్కుంటూ వెనక్కి పోతే అది వికారం. చొంగ కారడం, ఊరికే గుటకలు మింగడం, గడ్డి కోసం వెతకడం కూడా అవే గుర్తులు. గిన్నె వైపే రాకుండా పడుకుంటే ఆకలి లేనట్టు. ఈ రెండింటికీ మందులు వేరు. మీరు చూసింది చూసినట్టు డాక్టరుకు చెబితే వికారానికి మారోపిటాంట్ వంటిదో, ఆకలికి మిర్టాజపిన్ వంటిదో ఆయన నిర్ణయిస్తారు.

వాంతులు ఆగి నాలుగైదు రోజులయ్యాక మొదలుపెట్టండి. రాసిచ్చిన బ్రాండే కాకుండా వేరే కంపెనీది, డబ్బాలో వచ్చే తడి రకం తీసుకోండి. మొదటి నాలుగు రోజులు మొత్తం తిండిలో పదో వంతు మాత్రమే, అదీ పక్కన వేరే గిన్నెలో పెట్టండి. ముట్టుకోకపోయినా పాత తిండి చెడిపోదు. తింటే పావు వంతుకు, తర్వాత సగానికి, అలా మూడు నాలుగు వారాల్లో పూర్తిగా మార్చండి. మధ్యలో మొరాయిస్తే ముందటి మెట్టుకు దిగండి. ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దగ్గరికి తెచ్చి పెట్టండి. ఇరవై నిమిషాల్లో తినకపోతే తీసేయండి. మాత్రలు మాత్రం ఈ తిండిలో దాచవద్దు. ఒక్కసారి చేదు తగిలిందా, ఆ రకం కూడా పోయినట్టే. ఇక, ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టే పద్ధతి ఆరోగ్యంగా ఉన్న కుక్కల దగ్గరే పనికిరాదు. బ్రౌనీ దగ్గర ప్రమాదం కూడా.

మూడు రకాల రెనల్ ఫుడ్ ప్రయత్నించినా తినకపోతే? తినని రెనల్ ఫుడ్ కంటే తినే మామూలు ఫుడ్ నయం. దానితో పాటు ఫాస్ఫేట్ బైండర్ వాడొచ్చు. ఆ ఫుడ్ ఎంచుకునేటప్పుడు డబ్బా మీద సీనియర్ అని ఉంది కదా అని తీసుకోకండి. ఆ మాటకూ ఫాస్ఫరస్‌కూ సంబంధం లేదు. లేబుల్ మీది ఫాస్ఫరస్ శాతాన్ని కూడా నేరుగా పోల్చలేం, ఎందుకంటే తడి డబ్బాలో ముప్పావు వంతు నీళ్లే. కేలరీలతో పోల్చాలి. ఒక తడి ఫుడ్‌లో ఫాస్ఫరస్ 0.15 శాతం, వంద గ్రాములకు 100 కేలరీలు ఉన్నాయనుకోండి. వెయ్యి కేలరీలకు 1.5 గ్రాములు. ఒక పొడి ఫుడ్‌లో 0.3 శాతం, వంద గ్రాములకు 400 కేలరీలు. అంటే వెయ్యి కేలరీలకు 0.75 గ్రాములే. శాతంలో సగం ఉన్నట్టు కనిపించిన తడి ఫుడ్‌లో నిజానికి రెట్టింపు ఉంది. రెనల్ ఫుడ్‌లు వెయ్యి కేలరీలకు రమారమి అర గ్రాము నుంచి ఒక గ్రాము లోపు ఉంటాయి. పదార్థాల జాబితాలో సోడియం ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటివి ఉంటే పక్కన పెట్టేయండి. అలా విడిగా కలిపిన ఫాస్ఫరస్ మాంసంలో ఉన్నదానికంటే తేలిగ్గా రక్తంలోకి వెళుతుంది.

బైండర్ గురించి రెండు మాటలు. అది కడుపులో ఉన్న తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. ఖాళీ కడుపున ఇస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ప్రతి పూటా తిండిలోనే కలపాలి. తిండి మార్చిన నాలుగు వారాలకు, రాత్రంతా ఏమీ పెట్టకుండా పొద్దున్నే రక్తం తీయించండి, నీళ్లు మాత్రం ఉంచి. ఫాస్ఫరస్ అప్పటికీ 5.0 దాటి ఉంటే బైండర్ మొదలుపెట్టే సమయం వచ్చినట్టు. సాధారణంగా వాడేది అల్యూమినియం హైడ్రాక్సైడ్. మోతాదు బరువును బట్టి డాక్టరు చెబుతారు. మనుషుల యాసిడిటీ సిరప్‌లలో అల్యూమినియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది, అది కిడ్నీ కుక్కలకు పనికిరాదు. కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకు విషం. సీసా మీద ఈ రెండు పేర్లూ లేవని చూసుకోకుండా చుక్క కూడా పట్టకండి. కాల్షియం రకం బైండర్ ఇస్తే రక్తంలో కాల్షియం పెరగకుండా మధ్యమధ్య చూడాలి.

ఇక నీళ్లు. ఈ రోజు రాత్రి నుంచే మార్చాల్సింది ఇదే. ఆరోగ్యంగా ఉన్న కుక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. బ్రౌనీ లెక్కన లీటరు లోపు. అది రెండు లీటర్లు తాగుతోందంటే మొండితనం కాదు, అలవాటూ కాదు. మంచి కిడ్నీ మూత్రాన్ని చిక్కబరిచి నీళ్లను మిగుల్చుకుంటుంది, దీని కిడ్నీలకు ఆ శక్తి పోయింది. గిన్నె తీసేసినా మూత్రం ఆగదు. నీళ్లు పోతూనే ఉంటాయి, లోపలికి రావడం ఒక్కటే ఆగుతుంది. తెల్లారేసరికి ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీలకు చేరే రక్తం తగ్గి, ఉన్న కాస్త పనీ దెబ్బతింటుంది. పొద్దున గిన్నె పెట్టగానే గటగటా తాగడం వల్ల కూడా వాంతి కావచ్చు. గిన్నె రాత్రంతా ఉంచాక నాలుగైదు రోజుల్లో పొద్దుటి వాంతులు తగ్గితే కారణం చాలావరకు ఇదే. తగ్గకపోతే వికారం సంగతి చూడాలి.

రాత్రి ఇబ్బందికి వేరే మార్గాలున్నాయి. నీళ్లు ఎక్కువ కలిపిన తిండి పగటి పూటలకు పెట్టి, రాత్రి తిండి ఆరింటికల్లా ముగించండి. మీరు పడుకునే ముందు ఒకసారి, కుదిరితే తెల్లవారుజామున ఇంకోసారి బయటికి తీసుకెళ్లండి. పడుకునే చోట నీరు దిగని షీటు మీద మూత్రం పీల్చే ప్యాడ్ వేయండి. ఇంకో సంగతి, పలుచటి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పెరుగుతుంది. ఇంట్లో పోయడం ఈ మధ్యే ఎక్కువైతే, కొంచెం కొంచెంగా చాలాసార్లు పోస్తుంటే మూత్రం కల్చర్ టెస్టు అడగండి. అదే నమూనాలో మూత్రంలో పోతున్న ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి కూడా చూడమనండి. అది 0.5 దాటితే ప్రోటీన్ మోతాదు, మందులు మళ్లీ నిర్ణయించాలి. రక్తపోటు కూడా ఒకసారి కొలిపించండి.

తిండి ద్వారా నీళ్లు పంపడం తేలిక. పొడి ఫుడ్‌లో పదో వంతు నీళ్లుంటే, తడి ఫుడ్‌లో ముప్పావు వంతు ఉంటాయి. పొడి ఫుడ్డే తింటే దానికి రెట్టింపు గోరువెచ్చటి నీళ్లు పోసి పావుగంట నాననివ్వండి. ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టండి, అది లేవకుండా అందుకునే చోట ఒకటి ఉండాలి. వారానికొకసారి కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలవండి. తాగేది ఉన్నట్టుండి సగానికి పడిపోతే కిడ్నీలు బాగయ్యాయని సంతోషించకండి, అది తాగలేని స్థితికి వచ్చిందని అర్థం. చర్మం లాగి చూసే పరీక్ష చిక్కిన ముసలి కుక్కలో తప్పు చెబుతుంది, సాగిన చర్మం ఎలాగూ నెమ్మదిగానే వెనక్కి వెళుతుంది. చిగురు మీద వేలు పెట్టి చూడండి. జారాలి. జిగటగా అంటుకుంటే నీరు తగ్గినట్టు. తాగుతున్నా అలాగే ఉంటే చర్మం కింద సెలైన్ ఇంట్లోనే ఎక్కించడం డాక్టరు నేర్పిస్తారు. ఏ ద్రవం, ఎంత, ఎన్నాళ్లకొకసారి అన్నది ఆయన రాసిచ్చినంతే. దానిలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఎక్కువైతే రక్తపోటు, గుండె ఇబ్బంది పడతాయి.

ప్రతి ఆదివారం ఒకే కాటా మీద బ్రౌనీని తూచి రాసిపెట్టండి. తిండి అందుతుంటే మూడో వారానికి బరువు కిందికి దిగడం ఆగాలి. ఆగకపోయినా, ఇరవై నాలుగు గంటలు ఏమీ తినకపోయినా, రోజుకు రెండుసార్లకు మించి వాంతి అయినా, నల్లటి విరేచనం కనిపించినా తర్వాతి టెస్టు తేదీ వరకు ఆగవద్దు. మందులిచ్చినా సగం తిండి కూడా తినని స్థితి వారం దాటితే మెడ దగ్గర నుంచి అన్నవాహికలోకి సన్నటి గొట్టం అమర్చే విషయం డాక్టరుతో మాట్లాడండి. చిన్న మత్తు కావాలి, గొట్టం చుట్టూ రోజూ శుభ్రం చేయాలి. బదులుగా తిండి, నీళ్లు, మాత్రలు అన్నీ పోట్లాట లేకుండా అందులోంచే వెళతాయి. కొన్ని కుక్కలు గొట్టం ఉండగానే మళ్లీ నోటితో తినడం మొదలుపెడతాయి. దీన్ని ఆఖరి రోజుల కోసం దాచుకోకుండా, ఒంట్లో ఇంకా కాస్త కండ ఉండగానే అడగడం మేలు.